రెండు గోల్స్ వెనకబడి కూర్చున్న జట్టుతో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: సర్, మాది కె.ఆర్.పురం వైపు ఆడే చిన్న ఫుట్‌బాల్ జట్టు. సగం మంది తెలుగువాళ్లం, మిగతా వాళ్లు కన్నడ, తమిళ, మలయాళ కుర్రాళ్లు. నేను అనంతపురంలో ఆడి పెరిగాను. ఇక్కడ ఉద్యోగం చేస్తూ ఈ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాను. మాకు కోచ్ లేడు. పోయిన ఏడాది మా ఏరియా టోర్నమెంట్ ఫైనల్లో హాఫ్‌టైమ్‌కు 0-2తో వెనకబడ్డాం. అందరి మీదా గట్టిగా అరిచి, ప్రాణం పెట్టి ఆడమని చెప్పాను. అందరూ ఆవేశంగానే దిగారు. 0-5తో ఓడిపోయాం. వచ్చే ఆదివారం మళ్లీ ఫైనల్, ఎదురుగా అదే జట్టు. మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం మాట్లాడాలి? నాకు మాటలు పెద్దగా రావు.
– ఒక కెప్టెన్, బెంగళూరు

సమాధానం:

మాటలు రాకపోవడం ఈ పనిలో మీకు లాభమే. మాటలు బాగా వచ్చిన కెప్టెన్లు విరామంలో ఉన్న పది నిమిషాలూ తామే మాట్లాడేస్తారు. కుర్రాళ్లు తలలు ఊపుతారు, చప్పట్లు కొడతారు, గుండ్రంగా నిలబడి చేతులు కలిపి ఒక కేక వేస్తారు. మైదానంలోకి వెళ్లాక ఎవరు ఎక్కడ నిలబడాలో మాత్రం ఎవరికీ తెలియదు.

పోయినసారి ద్వితీయార్ధంలో పడ్డ మూడు గోల్స్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. వాటిలో మొదటిది ఆట మళ్లీ మొదలైన పది పదిహేను నిమిషాల్లోనే పడి ఉంటుందని నా అనుమానం. అప్పటికి మీ వింగ్ బ్యాక్‌లు ఇద్దరూ మధ్య గీత దాటి ముందుకు వెళ్లిపోయి ఉంటారు. గోల్ ముందు మధ్యలో కాపు కాసే స్టాపర్లలో కూడా ఒకరు ఎగబాకి ఉంటారు. ప్రాణం పెట్టి ఆడమంటే కుర్రాడికి అర్థమయ్యేది ఒక్కటే, ముందుకు పరుగెత్తమని. పదిమంది ఒకేసారి ముందుకు పరుగెత్తితే వెనక మిగిలేది గోల్‌కీపర్ ఒక్కడు. మీ కుర్రాళ్లు మీ మాట వినకపోవడం వల్ల ఓడిపోలేదు, అక్షరాలా విన్నందువల్లే ఓడిపోయారు.

కాబట్టి విరామంలో మీ పని వాళ్లలో ఆవేశం నింపడం కాదు. ఫైనల్లో రెండు గోల్స్ వెనకబడిన కుర్రాడికి ఆవేశం ఎవరూ అరువివ్వక్కర్లేదు, సిగ్గు, కోపం, భయం అన్నీ కలిపి అతని దగ్గర కావలసినంత ఉంటుంది. అతనికి లేనిది తర్వాతి పదిహేను నిమిషాల్లో తానేం చేయాలన్న స్పష్టత. అది మీరివ్వాలి. అందుకు ముందు ఆ రెండు గోల్స్ ఎందుకు పడ్డాయో మీకు తెలియాలి.

ఇది ఎలా ఉంటుందో ఒక మ్యాచ్ చెబుతాను. కొన్నేళ్ల కిందట నగరంలో తూర్పు వైపు ఒక ఎర్రమట్టి మైదానంలో జరిగిన ఫైనల్ అది. సగానికి 30 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల విరామం. నీళ్ల డ్రమ్ము పక్కనే నిలబడ్డాను కనుక వెనకబడిన జట్టు కెప్టెన్ మాట్లాడిందంతా నా చెవిన పడింది. అతను మిడ్‌ఫీల్డ్‌లో ఆడే కుర్రాడు, మనిషి పొడగరి, మితభాషి.

వాళ్లకు మొదటి గోల్ 9వ నిమిషంలో కార్నర్ నుంచి పడింది. అవతలి జట్టులో ఒక పొడవాటి స్టాపర్ ఉన్నాడు. కార్నర్ వచ్చినప్పుడల్లా అతను వచ్చి దగ్గరి స్తంభం ముందు నిలబడేవాడు. అతన్ని కాయాల్సింది వీళ్ల స్ట్రైకర్, కానీ ఆ స్ట్రైకర్ అతని భుజం దాకా కూడా రాడు. బంతి వచ్చింది, స్టాపర్ తల తాకించాడు, అయిపోయింది. రెండో గోల్ 26వ నిమిషంలో. కీపర్ బంతిని చేత్తో దొర్లించి ఎడమ బ్యాక్‌కు ఇచ్చాడు. అవతలి వింగర్ ఆ బంతి కోసమే కాచుకుని ఉన్నాడు, మీదికి దూసుకొచ్చాడు. బ్యాక్ కుర్రాడు లోపలికి తిరగబోయి బంతి పోగొట్టుకున్నాడు. రెండు అడుగులు, ఒక షాట్, గోల్. చూసేవాళ్లకు అది ఎడమ బ్యాక్ తప్పు. నిజానికి ఆ సగంలో అదే చోట, అదే విధంగా అంతకుముందు కూడా బంతి పోయింది, గోల్ కాలేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

విజిల్ మోగగానే ఆ కెప్టెన్ చేసిన మొదటి పని మాట్లాడడం కాదు. బెంచీ దాకా నడిచే ఆ కాస్త దూరం ఎడమ బ్యాక్ పక్కన నడిచాడు. భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. ఆ మాట నాకు వినిపించలేదు, కుర్రాడు తల ఎత్తి చూడడం మాత్రం కనిపించింది. తప్పు చేసిన ఆటగాడితో మాట్లాడాల్సింది అక్కడే, అందరూ గుంపుగా కూర్చోక ముందే. గుంపులో అతన్ని ఓదార్చినా, తిట్టినా ఫలితం ఒకటే, పదిమంది కళ్లూ అతని మీదికి తిరుగుతాయి. ఆ తర్వాత మీరు చెప్పేది అతని చెవికి ఎక్కదు.

తర్వాత రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఇది అనుకోకుండా జరిగింది కాదు, ఎవరో నోరు తెరవబోతే కెప్టెన్ చెయ్యి చూపించి ఆపాడు. ఊపిరి ఇంకా ఎగసిపడుతున్న మనిషికి ఏం చెప్పినా నిలవదు. ఆ రెండు నిమిషాల్లో అందరూ నీళ్లు తాగారు. కెప్టెన్ మాత్రం గోల్‌కీపర్‌ను, ఒక స్టాపర్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. ఆ ఇద్దరినే ఎందుకంటే, మైదానం మొత్తం ముఖాముఖిగా కనిపించేది వాళ్లకే. ముందు ఆడేవాళ్లకు బంతి వెనక ఏం జరుగుతోందో తెలియదు. మీరు మిడ్‌ఫీల్డర్ అయితే మీకూ సగమే తెలుస్తుంది. కీపర్ ఒక్క ముక్కలో చెప్పాడు, “వాళ్ల కుడి వింగర్ నా చేతికేసే చూస్తున్నాడు. ఎడమకు ఇచ్చానా, బయలుదేరుతున్నాడు.”

ఆ ముక్క దొరికాక అతను గుంపు దగ్గరికి వచ్చి మాట్లాడాడు. నాకు గుర్తున్నంతవరకు ఇలా:

“రెండు గోల్స్ పడ్డాయి. మొదటిది కార్నర్. ఇకనుంచి వాళ్ల పొడుగు స్టాపర్‌ను నేను కాస్తాను. స్ట్రైకర్ కార్నర్‌లో వెనక్కి రానక్కర్లేదు, మధ్య గీత దగ్గరే ఉండు. రెండోది మనం కీపర్ దగ్గర మొదలుపెట్టిన బంతి. ఎడమ దారి వాళ్లు మూసేశారు. అందుకని మొదటి పది నిమిషాలు కీపర్ ప్రతి బంతినీ కుడివైపుకు పొడవుగా కొడతాడు. వాళ్ల ఎడమ బ్యాక్ పొట్టివాడు, గాల్లో బంతి అందుకోలేడు. కుడి వింగర్ పైకి ఎగురు, రెండో స్ట్రైకర్, నేను బంతి పడే చోట ఉంటాం. 45వ నిమిషం లోపల ఒక్క గోల్ కావాలి. నేను రెండు అడగడం లేదు. ఆ ఒక్కటీ వచ్చేదాకా స్టాపర్లు ఇద్దరూ మధ్య గీత దాటకూడదు. రెఫరీతో నేను తప్ప ఎవరూ మాట్లాడకూడదు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఏం చేస్తారు?”

ఇంతే. గట్టిగా చదివి చూడండి, నిమిషం కూడా పట్టదు.

ఇందులో లేనివి గమనించండి. ఏరియా పరువు లేదు, కన్నవాళ్లు చూస్తున్నారన్న మాట లేదు, కప్పు లేదు. తప్పకుండా గెలుస్తామన్న హామీ కూడా లేదు. అది ఇవ్వకపోవడం తెలివైన పని. రెండు గోల్స్ ఆధిక్యం ప్రమాదకరమని టీవీలో వ్యాఖ్యాతలు తరచూ అంటుంటారు, ఆ మాట నేను నమ్మను. విరామానికి రెండు గోల్స్ ముందున్న జట్టే చాలాసార్లు గెలుస్తుంది, ఆ సంగతి మీ కుర్రాళ్లకూ తెలుసు. గెలుపు ఖాయమని మీరు అంటే వాళ్లు మర్యాదకు తల ఊపుతారు కానీ, ఆ తర్వాత చెప్పే నిజాలను కూడా అదే లెక్కలో వేసుకుంటారు. పావుగంటలో ఒక గోల్ అంటే ఎవరైనా నమ్మగలిగిన మాట. అది వచ్చిందా, అవతలి జట్టు ఆడే తీరే మారిపోతుంది. అప్పటిదాకా తాపీగా బంతి ఆడినవాళ్లు కాలు తడబడి బయటికి కొట్టడం మొదలుపెడతారు. రెండో గోల్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు.

ఆ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మీ జట్టులో నాలుగు భాషల కుర్రాళ్లు ఉన్నారంటున్నారు కనుక మీకు అది మరీ ముఖ్యం. బెంగళూరు జట్లలో నేను తరచూ చూసే దృశ్యం ఒకటుంది. కెప్టెన్ తన భాషలో ధారాళంగా చెప్పేస్తాడు, సగం మందికి అర్థమవుతుంది, మిగతా సగం పక్కవాడి ముఖం చూసి తల ఊపుతారు. మీరు ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు, చివర్లో ఒక్కొక్కరి చేత వాళ్ల పని వాళ్ల నోటితోనే చెప్పించండి. కన్నడ కుర్రాడు కన్నడంలోనే చెప్పనీయండి. “పొడవుగా కుడివైపు కొడతాను”, “ఎగురుతాను”, “గీత దాటను” అంటూ మూడేసి మాటలు చాలు. తడుముకున్నవాడికి అర్థం కాలేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. నేను చెప్పిన మ్యాచ్‌లో కుడి వింగర్ తడుముకున్నాడు. కెప్టెన్ నీళ్ల సీసా మూతలు రెండు నేల మీద పెట్టి, బంతి ఎక్కడ పడుతుందో, అతను ఎక్కడినుంచి పరుగెత్తాలో చూపించాడు. మూడో మూత కోసం వెతుకుతుంటే రెఫరీ పిలిచాడు.

ఒక ఉపన్యాసంలో ఎన్ని మార్పులు చెప్పవచ్చు అని అడుగుతారేమో. రెండు. తప్పదనుకుంటే మూడు. మీకు కనిపించిన లోపాలు ఏడు ఉండవచ్చు, కానీ ఏడూ చెబితే ఏదీ జరగదు. గోల్స్‌కు కారణమైనవే ఎంచుకోండి, మిగతావి మింగేయండి. ముఖ్యంగా అలసటనూ నిర్లక్ష్యాన్నీ కలిపేయకండి. మీ ఎడమ వింగర్ వెనక్కి రావడం లేదంటే బద్ధకం అనుకుంటాం. బహుశా అతనికి ఊపిరి చాలడం లేదేమో. అది మాటతో తీరేది కాదు, బెంచీ మీద కూర్చున్నవాణ్ని దింపితే తీరుతుంది. టోర్నమెంట్ నియమాల ప్రకారం ఎన్ని మార్పులు చేసుకోవచ్చో మ్యాచ్‌కు ముందే కనుక్కోండి, స్థానిక పోటీల్లో ఒక్కోచోట ఒక్కో లెక్క ఉంటుంది.

పెద్ద మ్యాచ్‌ల సంగతి చూద్దాం. మీ కుర్రాళ్లు కూడా ఫోనులో ఆ వీడియో చూసే ఉంటారు. 2022 డిసెంబర్ 18న లుసైల్‌లో ప్రపంచ కప్ ఫైనల్, విరామానికి ఫ్రాన్స్ అర్జెంటీనా కంటే 0-2తో వెనకబడింది. డ్రెస్సింగ్ రూంలో ఎంబాపె లేచి తోటివాళ్లతో మాట్లాడాడు. అప్పటి కెప్టెన్ అతను కాదు, గోల్‌కీపర్ లోరిస్. ఇంతకంటే అధ్వానంగా ఆడలేమని, పోరాటంలో తీవ్రత పెంచాలని, రెండు గోల్స్ తిరిగి తేవచ్చని అతని మాటల సారం. తర్వాత ఫ్రాన్స్ 2-2 చేసింది కనుక ఆ ప్రసంగమే మ్యాచ్‌ను తిప్పిందని అందరూ అనుకుంటారు.

గడియారం చూడండి. ఫ్రాన్స్ మొదటి గోల్ వచ్చింది 80వ నిమిషంలో. అంటే ఆ ప్రసంగం తర్వాత అరగంటకు పైగా ఏమీ జరగలేదు. ఇక జరిగినదాంట్లో ఎవరి చెయ్యి ఉందో కూడా చూడండి. కోచ్ దెషాం విరామం దాకా కూడా ఆగకుండా 41వ నిమిషంలోనే జిరూను, డెంబెలేను తీసేసి ఇద్దరు కొత్త ఫార్వర్డ్‌లను దింపాడు. 71వ నిమిషంలో ఇంకో ఇద్దరిని మార్చాడు. పెనాల్టీ సంపాదించింది 41వ నిమిషంలో వచ్చిన కోలో మువానీ. మరుసటి నిమిషంలో రెండో గోల్‌కు బీజం వేసింది, మెస్సీ కాళ్ల దగ్గర బంతి లాక్కున్న కోమాన్, అతను 71వ నిమిషంలో దిగినవాడు. రెండు గోల్స్ కొట్టింది మాట్లాడిన ఎంబాపెనే, కాదనను. ఆ మాటలకు విలువ ఉంది, అవి జట్టును అరగంటపాటు చెల్లాచెదురు కాకుండా పట్టి ఉంచాయేమో. కానీ మాటలతో పాటు కాళ్లు కూడా మారాయి. చివరికి అదనపు సమయంలో 3-3 అయి, పెనాల్టీల్లో ఫ్రాన్స్ ఓడిపోయింది కూడా.

2005లో ఇస్తాంబుల్‌లో మిలాన్‌తో ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ కథా అలాంటిదే. విరామానికి 0-3. అభిమానుల పాట గురించి, కెప్టెన్ జెరార్డ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికంటే ముందు కోచ్ బెనీతెజ్ విరామంలో ఒక డిఫెండర్ స్థానంలో మిడ్‌ఫీల్డర్ హమాన్‌ను దింపి, వెనక ముగ్గురితో ఆడించాడు. మిలాన్ తరఫున మధ్యలో స్వేచ్ఛగా తిరుగుతున్న కాకాకు అడ్డు పడింది. 54వ నిమిషం నుంచి 60వ నిమిషం లోపల లివర్‌పూల్‌కు మూడు గోల్స్ వచ్చాయి. మన స్థాయిలో కోచ్ ఉండడు కనుక జెరార్డ్ పనీ, బెనీతెజ్ పనీ రెండూ మీవే. మొదటిదానికి సిద్ధపడి రెండోది మరిచిపోవడమే మన కెప్టెన్లకు అలవాటు.

మళ్లీ ఎర్రమట్టి మైదానానికి వస్తాను. ద్వితీయార్ధం మొదలయ్యాక నేను స్కోరు చూడలేదు, ఆ రెండు పనులు జరుగుతున్నాయా లేదా అని చూశాను. మీరూ మొదటి ఐదు నిమిషాలు అదే చూడాలి. కీపర్ మొదటి బంతి కుడివైపుకు కొట్టాడు, వింగర్ ఎగిరాడు, కానీ బంతి పడే చోట ఎవరూ లేరు. కెప్టెన్ రెండో స్ట్రైకర్ వైపు చూసి నేలకేసి వేలు చూపించాడు. రెండోసారికి ఇద్దరూ అక్కడ ఉన్నారు. గోల్ రాలేదు, త్రో వచ్చింది. అయినా ఉపన్యాసం పని చేసిందని అప్పుడే తెలిసింది. పని చేయకపోతే గుర్తులు వేరుగా ఉంటాయి. ముప్ఫై గజాల నుంచి గోల్‌కేసి గుడ్డిగా కొట్టడం, ముగ్గురు ఒకే బంతి మీదికి పోవడం, వింగ్ బ్యాక్‌లు వెనక్కి నడుచుకుంటూ రావడం కనిపిస్తే జట్టు మళ్లీ ఎవరికి వాళ్లుగా విడిపోయిందన్నమాట. అప్పుడు మళ్లీ కేకలు వేయకుండా బంతిని బయటికి కొట్టించి, ఆట ఆగిన ఆ కొద్ది సెకన్లలో స్టాపర్లను మాత్రం వెనక్కి పిలవండి.

41వ నిమిషంలో కుడివైపు నుంచే ఒక త్రో, దాని నుంచి ఒక క్రాస్, గోల్. ఇక్కడొక చిన్న విషయం. గోల్ కాగానే స్ట్రైకర్ వలలోని బంతి కోసం కీపర్‌తో పెనుగులాడబోయాడు. ఆట తిరిగి మొదలుపెట్టాల్సింది గోల్ తిన్న జట్టు, బంతి వాళ్లదే. దానికోసం తోపులాట జరిగితే సమయం మిగలదు సరికదా, ఇంకాస్త పోతుంది, పైగా పసుపు కార్డు. కెప్టెన్ అతన్ని చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ఈ మాట మీరు విరామంలోనే ఒకరితో చెప్పి ఉంచుకోవచ్చు.

గోల్ వచ్చాక స్టాపర్లు గీత దాటవచ్చా? అతను అప్పటికీ దాటనివ్వలేదు. 50వ నిమిషం దాటాక ఒక స్టాపర్‌ను ముందుకు పంపాడు. డిఫెండర్‌ను ఫార్వర్డ్‌గా ఆడించడం మన వాళ్లకు కొత్తేమీ కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్, మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడిన స్టాపర్ జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియాతో ఫైనల్లో భారత్ 2-1తో గెలిచింది, ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌ది. రహీం అది ముందే ఆలోచించి చేశాడు, ఆ ఖాళీలో వెనక ఎవరు ఆడాలో కూడా నిర్ణయించుకున్నాకే చేశాడు. మీరూ స్టాపర్‌ను ఎప్పుడు పంపాలో, అతని చోటికి ఎవరు రావాలో విరామంలోనే తేల్చండి. లేకపోతే ఆఖరి పది నిమిషాల్లో ఇద్దరూ తమంతట తామే వెళ్లిపోతారు.

57వ నిమిషంలో కార్నర్, ముందుకు వెళ్లిన ఆ స్టాపరే తలతో కొట్టి 2-2 చేశాడు. టై బ్రేకర్‌లో గెలిచారు. ఇదంతా ఆ నిమిషం ఉపన్యాసం వల్లే జరిగిందని నేను చెప్పను. అవతలి పొడుగు స్టాపర్‌కు అంతకు కాస్త ముందే పిక్కలు పట్టేసి బయటికి వెళ్లాడు. అతను ఉండి ఉంటే ఆ కార్నర్ బంతి ఎవరి తలకు తగిలేదో ఎవరు చెప్పగలరు? కెప్టెన్ చేసిందల్లా 57వ నిమిషం దాకా జట్టును మ్యాచ్‌లో ఉంచడం, అదృష్టం వచ్చినప్పుడు అందుకునే చోట మనుషుల్ని నిలపడం. మీ 0-5లో ఆ అదృష్టం వచ్చినా అందుకునేవాడు ఉండి ఉండడు.

రెఫరీ గురించి ఒక మాట. విరామంలో జట్లు ఎక్కువ సమయం పోగొట్టుకునేది ఈ ఫిర్యాదుల దగ్గరే. అది ఆఫ్‌సైడ్, ఇది పెనాల్టీ అంటూ ముగ్గురు మొదలుపెడితే నాలుగు నిమిషాలు గాల్లో కలుస్తాయి. నియమాల ప్రకారం కెప్టెన్‌కు ప్రత్యేక హోదా గానీ హక్కులు గానీ లేవు, జట్టు ప్రవర్తనకు కొంత బాధ్యత మాత్రం ఉంది. ఇంకొకటి చాలామందికి తెలియదు. విరామంలోనూ రెఫరీ కార్డు చూపించగలడు. నీళ్ల దగ్గర నోరు జారి ఎర్ర కార్డు తెచ్చుకున్న కుర్రాడి జట్టు ద్వితీయార్ధం పదిమందితో మొదలుపెట్టాలి. రెండు గోల్స్ వెనకబడి, పైగా పదిమంది. నిజంగా అడగాల్సింది ఉంటే మీరొక్కరే వెళ్లి, మర్యాదగా ఒక్క వాక్యం అడిగి వచ్చేయండి.

ఇక సమయం. నియమాల్లో విరామం 15 నిమిషాలకు మించకూడదు, మీ టోర్నమెంట్ ఎంత ఇస్తుందో అడిగి తెలుసుకోండి. పది నిమిషాలే అనుకుందాం. నడక, నీళ్లు, నిశ్శబ్దం కలిపి మూడు నిమిషాలు. ఆ లోపలే కీపర్‌తో, స్టాపర్‌తో మీ మాట అయిపోవాలి. తర్వాత నిమిషంన్నర మీ ఉపన్యాసం, రెండు నిమిషాలు ఒక్కొక్కరి చేత చెప్పించడం. మిగిలిన మూడు నాలుగు నిమిషాలు కూర్చోనివ్వకండి. విరామమంతా కూర్చుంటే తొడ కండరాల వేడి ఒకటి రెండు డిగ్రీలు పడిపోతుంది, లేచిన వెంటనే పరుగు వేగం తగ్గుతుంది. చిన్నగా పరుగెత్తించండి, కాస్త పక్కలకు అడుగులు వేయించండి, నాలుగు పాస్‌లు ఆడించండి. అవతలి జట్టు కప్పు గెలిచేశామన్న ధీమాతో ఇంకా కుర్చీల్లోనే ఉంటే, మొదటి ఐదు నిమిషాలు మీ కుర్రాళ్లే వేగంగా కనిపిస్తారు.

అరవడం పూర్తిగా మానేయాలా అంటే, అక్కర్లేదు. కుర్రాళ్లు నిజంగానే కాళ్లు ఈడ్చుకుంటూ ఆడినప్పుడు గొంతు పెంచితే పని చేస్తుంది. కానీ అది గోల్స్ పడ్డ కారణం కాదని తేలితే పెంచకండి. పోయినసారి మీ జట్టు సోమరితనంతో ఓడిపోయిందని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకంటే మాట చెల్లే ఆటగాడు జట్టులో ఉంటే, చివరి వాక్యం అతని చేత అనిపించండి. ఎంబాపె సంగతి చెప్పింది అందుకే కూడా. చేతికి పట్టీ ఉన్నవాడే మాట్లాడాలన్న నియమం లేదు, జట్టు ఎవరి ముఖం చూస్తుందో అతను మాట్లాడాలి. అయితే ఆ వాక్యం కూడా పని గురించే ఉండేట్టు ముందే చెప్పి ఉంచండి.

అసలు ఇదంతా శనివారం రాత్రికే సగం తయారు చేసుకోవచ్చు. అవతలి జట్టు మీకు తెలిసినదే. పోయినసారి పడ్డ ఐదు గోల్స్‌ను, ఎవరైనా ఫోనులో తీసిన వీడియో ఉంటే అది చూసి, లేకపోతే మీ కీపర్‌ను కూర్చోబెట్టి, ఒక్కొక్కటి బంతి ఎక్కడ మొదలైందో కాగితం మీద గీయండి. వాటిలో కనీసం రెండు ఒకే చోట మొదలై ఉంటాయి. ఆదివారం మళ్లీ ఆ చోటే తెరుచుకుంటే మీరు వెతుక్కోనక్కర్లేదు. 2-0తో మీరే ముందుంటే ఆ కాగితం అవతలివాళ్లు ఏం మార్చబోతారో ఊహించడానికి పనికొస్తుంది.

చివరగా ఒక చిల్లర విషయం, కానీ దీనివల్ల ఫైనల్స్ పాడవడం చూశాను. మన స్థానిక ఫైనల్స్‌లో ముఖ్య అతిథి సరిగ్గా హాఫ్‌టైమ్‌కే వస్తారు. నిర్వాహకులు రెండు జట్లనూ వరసలో నిలబెట్టి కరచాలనాలు, శాలువా, ఫొటోలు మొదలుపెడతారు. పది నిమిషాల్లో ఏడు అక్కడే పోతాయి, మిగిలిన మూడింటిలో మీరు నీళ్లు తాగించాలా, మాట్లాడాలా? శనివారమే నిర్వాహకుల దగ్గరికి వెళ్లి, అతిథి పరిచయాలు ఆట మొదలుకాక ముందో, బహుమతుల వేళకో పెట్టమని అడగండి. అవతలి కెప్టెన్‌ను కూడా వెంట తీసుకువెళ్తే కాదనడం వాళ్లకు కష్టం.